రోల్ కాల్‌లో మా నానమ్మ పేరు

నా పూర్తి పేరు వెంకట సత్య అప్పల నరసమ్మ. ఇంటిపేరు దీనికి ముందు ఇంకొకటి ఉంది, దాన్ని ఇక్కడ రాయడం లేదు. ఆరో క్లాసులో ఉండగా మా కొత్త క్లాస్ టీచర్‌కి ఒక లెటర్ రాశాను. ఇంత పేరు పిలవక్కర్లేదు, సత్య అని పిలిస్తే చాలు అని. 1981 నాటి మాట. ఊరు ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి ఐఐటీ గుర్తొస్తుంది, కాస్త పెద్దవాళ్ళకైతే ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్‌లో చదివింది గుర్తొస్తుంది. మాకు మాత్రం అది రైల్వే వర్క్‌షాపు ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళు అక్కడికి పనికి వెళ్ళారు. మా తాతయ్య అలా వెళ్ళినవారే, తర్వాత మా నాన్నగారు అదే వర్క్‌షాపులో ఫిట్టర్ అయ్యారు. మథురాకాఠీలోనో నింపురాలోనో ఏ క్వార్టర్స్ వరసలోకి వెళ్ళినా నాలుగు గుమ్మాలకి ఒక గుమ్మం ముందు తెలుగు ముగ్గు కనిపించేది. గోల్ బజార్‌లో కూరలమ్మేవాళ్ళతో మా అమ్మ సగం తెలుగు, సగం హిందీ కలిపి బేరం ఆడేది. వాళ్ళకీ అలవాటే. తెలుగు మీడియం బడులు కూడా ఊళ్ళో ఉన్నాయి. మా నాన్నగారికి మాత్రం పిల్లలు ఇంగ్లీషులో చదవాలని పట్టుదల. అందుకని నన్ను వేరే బడిలో వేశారు. అక్కడ టీచర్లు దాదాపు అందరూ బెంగాలీలే.

పేరు విషయానికి వస్తాను. మా వైపు పేరంటే ఒకరు కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. మా నాన్నగారి వైపు ఇలవేల్పు వెంకటేశ్వరస్వామి, అందుకని ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ ముందు వెంకట ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అమ్మా నాన్నా అన్నవరం వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేయించుకున్నారు, పిల్ల పుడితే ఆయన పేరు కలుపుతామని అక్కడే మొక్కుకున్నారు. అలా సత్య వచ్చింది. అప్పల సింహాచలం అప్పన్నది. విజయనగరం, విశాఖ వైపు అప్పన్న పేరు లేని ఇల్లు ఉండదు. అప్పారావు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం అన్నీ ఆయనవే. ఇక చివరి నరసమ్మ మా నానమ్మ పేరు. నేను పుట్టేనాటికి ఆవిడ బతికే ఉంది. మొదటి మనవరాలికి తన పేరు పెట్టాలని ఆవిడ అడగలేదట. అడగకుండానే మా నాన్నగారు పెట్టారు.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. మా అమ్మ అత్తగారి పేరు నోటితో పలకదు. ఆ రోజుల్లో కోడళ్ళెవరూ పలికేవారు కాదు. మరి కూతురిని నరసమ్మా అని ఎలా పిలుస్తుంది? పిలవడం ఒక ఎత్తు, తిట్టడం ఇంకో ఎత్తు. "ఒసేయ్ నరసమ్మా, నీ మొహం మండా" అని పొరపాటున నోరు జారితే ఆ తిట్టు ఎవరికి తగిలినట్టు? అందుకని ఉయ్యాలలో ఉన్నప్పుడే నేను బుల్లి అయిపోయాను. అమ్మ బుల్లీ అంది, ఆవిడని చూసి నాన్న, ఆయన్ని చూసి వీధంతా. మా ఇంట్లో నా అసలు పేరు రేషను కార్డులోనూ మెడికల్ కార్డులోనూ మాత్రమే ఉండేది. నోట్లో ఎవరికీ లేదు.

బడిలో ఐదో క్లాసు దాకా మాకు రోల్ నంబర్లతో హాజరు తీసుకునేవారు. నంబరు వినగానే "ప్రెజెంట్ ప్లీజ్" అనేసి కూర్చునేవాళ్ళం. టీచర్లకి అది సులువు. రైల్వే కాలనీ బడి అంటే బెంగాలీలు, తెలుగువాళ్ళు, ఒడియా వాళ్ళు, బీహార్ వాళ్ళు, మలయాళీలు, అందరి పేర్లూ ఒక్క రిజిస్టర్‌లో ఉంటాయి. ఒకటో పిరియడ్‌లో సగం అందుకే పోతుంది.

ఆరో క్లాసులో వచ్చిన టీచర్ ఆ పద్ధతి మార్చేశారు. కలకత్తా నుంచి కొత్తగా వచ్చారావిడ. నూలు చీర, ఎడమ చేతికి వాచీ, శంఖు గాజులు. దిదిమణి అని పిలిచేవాళ్ళం. మొదటి రోజే చెప్పారు, నంబరు పెట్టి పిలవడానికి మీరు గూడ్స్ బండి వ్యాగన్లు కారు, నేను పేర్లతోనే పిలుస్తాను, తప్పు పలికితే లేచి సరిచెయ్యండి అని. రైల్వే పిల్లలం కదా, ఆ వ్యాగన్ల మాట మాకు బాగా నచ్చింది.

నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగారు. రిజిస్టర్‌లో అది ఒక గడిలో పట్టక రెండు వరసల్లో ఉంది. మొదటి వరస చదివి, రెండో వరస వేరే పిల్ల పేరనుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి మొత్తం కలిపి చదివారు. "భెంకొటా శొత్తో ఆపాలా నొరొశొమా". క్లాసులో ఒకటే నవ్వు. తెలుగు పిల్లలం కూడా నవ్వాం, మాకది మా పేరులా వినపడలేదు.

ఆవిడ తప్పు ఏమీ లేదు. బెంగాలీ అక్షరాల్లో మన వ కి వేరే చోటు లేదు, బ తోనే సరిపెట్టుకోవాలి. బయటి పేర్లలో వచ్చే వ ని భ గా రాసి, భ గానే పలుకుతారు. స, ష, శ మూడూ రాతలో ఉన్నాయి, నోటికి వచ్చేసరికి మాత్రం చాలావరకు శ ఒక్కటే మిగులుతుంది. మనం అ అని నోరు తెరిచే చోట వాళ్ళు ఒ అని గుండ్రం చేస్తారు. య వత్తో మ వత్తో వస్తే చాలాచోట్ల దాన్ని పలకరు, దానికి బదులు ముందున్న హల్లుని ఒత్తుతారు. అందుకే లక్ష్మి లొక్ఖీ అవుతుంది, సత్య శొత్తో అవుతుంది. ఇదంతా నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడు తెలిసిందల్లా, అందరి పేర్లూ గబగబా దొర్లిపోయి నా దగ్గర బండి ఆగిపోతోందని.

దిదిమణి పట్టు వదిలే మనిషి కాదు. రెండో రోజు నన్ను నిలబెట్టి నెమ్మదిగా చెప్పమన్నారు. నేను చెప్పాను. ఆవిడ అన్నారు. నేను కాదన్నాను. మళ్ళీ అన్నారు. వెనక బెంచీలవాళ్ళు చేతులతో నోళ్ళు మూసుకుంటున్నారు. మూడో రోజూ అంతే. ఆవిడ నన్ను వేళాకోళం చేసి ఉంటే నాకు కోపం వచ్చేదేమో. అలా చెయ్యలేదు. నా పేరు కోసం అంత పెద్దావిడ అందరి ముందూ తడబడుతున్నారే అని నాకు కడుపులో ఏదోలా ఉండేది. రాత్రి పడుకుంటే రేపు పొద్దున్న రోల్ కాల్ ఉందన్న టెన్షన్.

మా పక్క క్వార్టర్‌లో పదో క్లాసు చదివే అక్క ఉండేది. దిదిమణితో నోటితో చెప్పడానికి భయమైతే లెటర్ రాసి ఇవ్వు, లీవు లెటర్ ఇస్తాం కదా, ఇదీ అలాగే అని ఆ అక్కే సలహా ఇచ్చింది. మంచి సలహా. బడి పిల్లలకి తెలిసిన ఉత్తరం అదొక్కటే. జ్వరం వచ్చినా, ఊరెళ్ళినా, అక్క పెళ్ళయినా అదే మూస. పైన "టు, ద క్లాస్ టీచర్", కింద "రెస్పెక్టెడ్ మేడమ్", ఆ తర్వాత "విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్", చివర "యువర్ ఒబీడియెంట్ స్టూడెంట్". మధ్యలో జ్వరం అనే చోట పేరు సంగతి పెట్టాలి. అంతే.

ఏ ముక్క ఇవ్వాలన్నదే అసలు తర్జనభర్జన. అక్క, నేను గుమ్మంలో కూర్చుని ఆలోచించాం. వెంకట అంటే కుదరదు, మా క్లాసులోనే వెంకటరావు, వెంకటలక్ష్మి ఉన్నారు, ఒక్క కేకకి ముగ్గురం లేస్తాం. అప్పల అంటే ఇంకా చిక్కు. అప్పలరాజు అని ఒక కుర్రాడున్నాడు, వాణ్ణి అందరూ అప్పల్ అనే పిలిచేవారు, నాకు వాడి పేరు నచ్చదు. బుల్లి అందామా అంటే అక్కే వద్దంది. బెంగాలీ వాళ్ళకి ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి, బడికీ కాగితాలకీ వాడేది భాలో నామ్, ఇంట్లో పిలిచేది డాక్‌నామ్. ఇంట్లో పిలిచే ఆ పేరు బడిలో ఎవరికైనా తెలిస్తే ఇక ఆ పిల్లని ఏడిపించి వదులుతారు. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్న గేటు దగ్గర నిలబడి బూడీ అని పిలిచాడు, బూడీ అంటే ముసలమ్మ, పాపం ఆ ఏడాదంతా ఆ పిల్లకి అదే పేరు. అందుకని బుల్లి ఇంట్లోనే ఉండాలి.

నరసమ్మ సంగతి నేను ఎత్తనేలేదు. మా అమ్మ పలకని పేరు, రేపు దిదిమణి ఇంటికొచ్చి మీ నరసమ్మ ఏదీ అంటే అమ్మ ఏమంటుంది? అలా మిగిలింది సత్య. రెండే అక్షరాలు, మన నోట్లో సులువు, బెంగాలీలకీ తెలిసిన మాట. వాళ్ళలో సత్యబ్రత, సత్యేన్ లాంటి పేర్లున్నాయి కదా, కొత్తగా నేర్చుకునేదేం లేదు.

రఫ్ నోట్సు మధ్యలో పిన్నుల దగ్గర జోడు కాగితం విప్పి, సులేఖా ఇంకుతో రాశాను. అక్షరం పోకుండా కాకపోయినా, ఇంగ్లీషులో నేను రాసింది ఇంచుమించు ఇది.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, వినయపూర్వకంగా మనవి చేసుకునేది ఏమనగా, నేను మీ తరగతి ఆరు బి విద్యార్థినిని. నా పేరు చాలా పొడుగు. మీరు రోజూ దాన్ని పలకడానికి కష్టపడుతున్నారు. దాని వల్ల మీ సమయమూ, తరగతి సమయమూ పోతోంది. అందుచేత నన్ను సత్య అని మాత్రమే పిలవవలసిందిగా ప్రార్థిస్తున్నాను. సత్య కూడా నా పేరులోనిదే, కొత్తది కాదు. ఇందుకు నేను మీకు ఎంతో కృతజ్ఞురాలిని. మీ విధేయురాలైన విద్యార్థిని."

కింద సంతకం దగ్గర కలం ఆగిపోయింది. సత్య అని రాయాలా, మొత్తం రాయాలా? సత్య అని రాస్తే ఇంకా అనుమతి రాకముందే వాడేసుకున్నట్టుంటుంది. అందుకని పేరంతా రాశాను. ఇంగ్లీషు అక్షరాలు చోటు చాలక కాగితం అంచు దాకా వెళ్ళాయి.

లీవు లెటర్ అంటే కింద ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం ఉండాలి. లేకపోతే తీసుకోరు. రాత్రి నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాక కాగితం ముందు పెట్టాను. చదివారు. మళ్ళీ చదివారు. నవ్వుతారో కేకలేస్తారో తెలియక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయనకి పేరు మీద బెంగ లేదు, పాసు మీద ఉంది. రైల్వేలో పనిచేసేవాళ్ళకి ఆఫీసులో కుటుంబ సభ్యుల పేర్లు రాసిచ్చిన కాగితం ఉంటుంది. పాసు రావాలన్నా, రైల్వే ఆస్పత్రిలో మందు ఇవ్వాలన్నా దాన్నే చూస్తారు. బడిలో ఒక పేరు, అక్కడ ఒక పేరు అయితే రేపు మద్రాస్ మెయిల్‌లో టీటీఈకి ఏం చెప్పుకుంటాం అని ఆయన భయం. సంతకం చేసి, దాని పైన ఇంగ్లీషులో ఒక్క వాక్యం కలిపారు. "పిలవడానికి మాత్రమే, రిజిస్టర్‌లో పేరు మార్చవద్దు."

ఆ ఒక్క వాక్యం నాకు ఎంత మేలు చేసిందో చెప్పాలి.

మర్నాడు రోల్ కాల్‌కి ముందే లెటర్ టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. దిదిమణి విప్పి చదివారు. అలా చదువుతూనే రిజిస్టర్ తెరిచి, నా పేరున్న వరస మీద వేలు పెట్టారు. వేలు అక్కడ, కళ్ళు కాగితం మీద. మళ్ళీ అటు. ఏదో తప్పు దొరికినప్పుడు లెక్కల నోట్సు దిద్దేవాళ్ళు చూసే చూపు అది. నన్ను రమ్మన్నారు. నా సంతకంలో చివరి మాట చూపించి ఇక్కడ ఎన్ని ఎమ్‌లు రాశావని అడిగారు. రెండు అన్నాను. రిజిస్టర్‌లో ఒకటే ఉంది. నరసమ్మ కాదు, నరసమ. ఒకటో క్లాసులో చేర్చుకున్నప్పుడు అడ్మిషన్ పుస్తకంలో ఎవరో ఒక ఎమ్ వదిలేశారు. అక్కడి నుంచి ప్రతి ఏడాదీ కొత్త రిజిస్టర్‌లోకి అదే ఎక్కుతూ వచ్చింది. నంబర్లతో పిలిచినన్నాళ్ళూ ఆ గడిని చదివినవాళ్ళు లేరు. నేను ఆ కాగితం మీద పూర్తి పేరు రాసి సంతకం చెయ్యకపోతే, నాన్న రిజిస్టర్ మాట ఎత్తకపోతే, ఆవిడ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారే కాదు.

ఒక అక్షరమే కదా అనిపించొచ్చు. మా బడి మాధ్యమిక్ బోర్డు కిందిది. తొమ్మిదో క్లాసులో బోర్డుకి రిజిస్ట్రేషన్ ఫారాలు పంపుతారు. బడి పుస్తకాల్లో ఏం ఉంటే అదే ఆ ఫారంలోకి, ఫారంలోంచి పరీక్ష అడ్మిట్ కార్డులోకి వెళ్తుంది. బెంగాల్‌లో ఆ అడ్మిట్ కార్డే మనిషికి పుట్టినతేదీ రుజువు. ఉద్యోగానికీ పాస్‌పోర్టుకీ అన్నిటికీ అదే చూపిస్తారు. బోర్డుకి వెళ్ళాక దిద్దించాలంటే కోర్టు అఫిడవిట్టు, కలకత్తా తిరగడం, నెలలు పడుతుంది. బడిలో ఉండగానే అయితే హెడ్‌మాస్టర్ చేతిలో పని. దిదిమణి ఇదంతా నాకు కూర్చోబెట్టి చెప్పలేదు, నాన్నకి కబురు పెట్టి చెప్పారు. నాన్న సగం పూట సెలవు పెట్టి, రైల్వే ఆస్పత్రిలో ఇచ్చిన నా పుట్టిన సర్టిఫికెట్టూ మెడికల్ కార్డూ పట్టుకుని వచ్చారు. రెంటిలోనూ రెండు ఎమ్‌లున్నాయి. గుమాస్తా పాత అడ్మిషన్ పుస్తకం తీసి, తప్పు పేరు మీద ఎర్రగీత కొట్టి, పైన సరైనది రాశాడు. హెడ్‌మాస్టర్ పక్కన పొడి సంతకం పెట్టి తేదీ వేశారు. కొట్టేసిన పేరు కూడా చదవడానికి వీలుగా ఉండాలట, పూర్తిగా నలుపు చెయ్యకూడదట. అది చూసి నాన్న ఎంత సంతోషించారో. వర్క్‌షాపులో కూడా లాగ్‌బుక్ దిద్దే పద్ధతి అదేనని దారంతా చెబుతూ వచ్చారు.

పేరు చిన్నది చెయ్యమని లెటర్ రాస్తే అందులో ఒక అక్షరం పెరిగి వచ్చింది. మా వీధిలో అది చాలాకాలం చెప్పుకున్నారు.

ఇక లెటర్ మీద దిదిమణి ఏం రాశారో చెప్పలేదు కదూ. లీవు లెటర్ల మీద రాసినట్టే అంచున ఎర్ర ఇంకుతో "గ్రాంటెడ్" అని రాసి, కింద సంతకం పెట్టి తిరిగి ఇచ్చారు. కానీ ఒక షరతు పెట్టారు. రోజంతా సత్య అంటాను, పాఠం అడిగినా, అల్లరి చేస్తే కోప్పడినా, సుద్దముక్క తెమ్మన్నా సత్యే. పొద్దున్న రిజిస్టర్ ముందు మాత్రం రాసి ఉన్నది రాసి ఉన్నట్టే చదువుతాను, నువ్వు దానికే జవాబివ్వాలి. హాజరు పుస్తకంలో ఉన్న మనిషి ఎవరో రోజుకొక్కసారైనా నోటితో అనకపోతే, ఎమ్ ఎప్పుడు పోయిందో ఇంకొకరికీ తెలియదు కదా అన్నారు. నాకప్పుడు కొంచెం నిరాశగానే ఉంది. నేను లెటర్ రాసిందే రోల్ కాల్ కోసమాయె. అయినా ఎదురు చెప్పలేకపోయాను. ఆ ఎమ్ సంగతి చూశాక ఎవరు చెప్పగలరు?

ఆవిడ నోట్లో నేను మొదట శొత్తో అయ్యాను. కొన్నాళ్ళకి బోర్డు మీద బెంగాలీలో సత్య అని రాసి, మీ భాషలో దీన్ని ఎలా అంటారని అడిగి, నేను చెబితే విని, "సొత్య", "సత్య" అని తనలో తాను అనుకుని పట్టేశారు. పిల్లలు మాత్రం శొత్తో దగ్గరే ఆగిపోయారు. నాకు అదీ బాగానే ఉండేది. నరసమ్మలూ అప్పలరాజులూ ఊరంతా ఉన్నారు, శొత్తో అన్న ఆడపిల్ల మాత్రం నేనొక్కదాన్నే. రోల్ కాల్‌కి కూడా ఎవరూ నవ్వడం మానేశారు. రోజూ వినే దానికి ఎన్నాళ్ళని నవ్వుతారు? దసరా సెలవులయ్యేసరికి మా వెనక బెంచీ బెంగాలీ పిల్లలు నా పేరంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవారు.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక నానమ్మ విజయనగరం నుంచి వచ్చింది. మెయిల్ దిగి, గోనెసంచిలో చింతపండూ, అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ పట్టుకుని. రెండో రోజో మూడో రోజో మా పక్కింటి అక్క నన్ను సత్యా అని పిలిచింది. నానమ్మకి చెవులు చురుకు.

"ఏటే బుల్లీ, సత్తెం ఎవలే?"

నేనే చెప్పాను, లెటర్ సంగతి మొదటి నుంచీ. చెబుతుంటే నాలుక కొంచెం తడబడింది. ఎందుకంటే నాలుగు ముక్కల్లో ఒకటి ఏరుకున్నానంటే మిగతా మూడూ వదిలేసినట్టేగా, అందులో ఒకటి ఎదురుగా కూర్చుని వత్తులు చేస్తోంది. నానమ్మ ఏమీ అనుకోలేదు. "సత్తెం అంటే అన్నారం సామి. ఆయన్ని పిలిస్తే పున్నెవేనే" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వత్తి చేసే పని ఆపి అడిగింది.

"అయితే పొద్దుట పూట బళ్ళో నా పేరు సదువుతారా?"

"చదువుతారు నానమ్మా."

"రోజూనా? అందరూ ఇనేటట్టా?"

"రోజూ. అందరూ వింటారు."

"ఎలాగంటారో అను సూద్దాం."

అన్నాను, దిదిమణి అన్నట్టే, నొరొశొమ్మా అని. నానమ్మ పడీపడీ నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాను. తనూ అని చూసింది, "నొరొ... శొమ్మా".

ఆవిడ అంతలా ఎందుకు సంబరపడిందో అమ్మ తర్వాత చెప్పింది, నానమ్మ లేనప్పుడు, గొంతు తగ్గించి. పన్నెండేళ్ళకి కాపరానికి వచ్చిందట. తాతయ్య ఏమే అనేవారు. అత్తగారు కోడలా అనేది. పిల్లలు పుట్టాక అమ్మా. వీధిలో ఫలానావారి అమ్మ, ఫలానావారి అత్త. తన అమ్మా నాన్నా పోయాక, అన్నదమ్ములు పోయాక, ఆవిడని నరసమ్మా అని పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ మిగల్లేదు. రేషను షాపులో కార్డు చూసి ఎప్పుడో ఒకసారి అంటే అన్నట్టు. అలాంటిది ఎక్కడో బెంగాల్‌లో, ముక్కూ మొహం తెలియని ఒక టీచరమ్మ, పొద్దున్నే ఆ పేరు పెట్టి పిలుస్తోంది.

ఆవిడ ఉన్న ఆ చలికాలమంతా నేను బడి నుంచి రాగానే మొదటి ప్రశ్న అదే. "ఇవాళ సదివేరా?" ఒక రోజు దిదిమణి రాలేదు, వేరే టీచర్ నంబర్లతో హాజరు తీసుకున్నారు. లేదు నానమ్మా అంటే, ఆ టీచరమ్మకి ఒంట్లో బాగోలేదా ఏటి, కషాయం పట్టుకెళ్ళవే అంది. పట్టుకెళ్ళలేదు గానీ, దిదిమణి వచ్చాక ఈ మాట చెప్పాను. అసలు ఆ పేరు మా నానమ్మదని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నుంచి నా వరస వచ్చినప్పుడు ఆవిడ మిగతావన్నీ మామూలుగా చదివి చివరి మాట దగ్గర కాస్త నిదానించేవారు, రెండు ఎమ్‌లూ వినపడేలా. ఎంత ప్రయత్నించినా స మాత్రం ఆవిడకి శ గానే ఉండిపోయింది.

నానమ్మ నేను ఎనిమిదిలో ఉండగా పోయింది.

తొమ్మిదో క్లాసులో రిజిస్ట్రేషన్ ఫారాలు నింపే పని మళ్ళీ దిదిమణికే పడింది. ఫారంలో పేరుకి ఇచ్చింది ఒకే ఒక గీత. మనవాళ్ళు చాలామంది అక్కడ పేరు కోసేసుకున్నారు. అప్పలరాజు తన ముందున్న వెంకట తీసేయించుకున్నాడు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న వచ్చి మూడు మాటల్ని మూడు పొడి అక్షరాలు చేయించారు. తప్పేం కాదు, వాళ్ళ వీలు వాళ్ళది. పొడి అక్షరాలు పెట్టుకున్నవాళ్ళని తర్వాత ఎక్కడికెళ్ళినా వాటిని విడదీసి రాయమనే వేధించారని విన్నాను, అది వేరే సంగతి. నా వంతు వచ్చినప్పుడు దిదిమణి కలం మూత తీసి ఆగారు. ఇప్పుడు చెప్పు, ఇదే ఆఖరు, ఇక్కడ ఏది రాస్తే జీవితమంతా అదే, సత్య ఒక్కటే చాలా అన్నారు. నాన్న అయితే పాసు కాగితం చూసి ఎలా ఉంటే అలా రాయించమని ఇంటి దగ్గరే చెప్పి పంపారు. నేను దిదిమణికి నాన్న మాట చెప్పలేదు. మొత్తం రాయండి అన్నాను.

ఆవిడ అక్షరాలు చిన్నవి చేసి, ఒకదాని పక్కన ఒకటి ఇరికించి, ఆ ఒక్క గీత మీద నాలుగు మాటలూ, ముందు ఇంటిపేరూ పట్టించారు. రాసి నా వైపు తిప్పి, ఎమ్‌లు లెక్కపెట్టుకోమన్నారు.

అడ్మిట్ కార్డు సరిగ్గా అలాగే వచ్చింది. ఆ తర్వాత నా కాగితాలన్నీ దాన్ని చూసి పుట్టినవే. పెళ్ళయి విశాఖపట్నం వచ్చాను, ఉద్యోగం చేశాను, ఆఫీసులో అందరికీ సత్య గారినే. కంప్యూటర్లు వచ్చాక నా పేరు చివర తెగిపోవడం మొదలైంది. బస్సు టికెట్టు మీదా, కరెంటు బిల్లు మీదా అప్పల దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోచోట నరస దాకా వెళ్తుంది. అలాంటప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి పూర్తిగా వచ్చేలా చెయ్యమని అడుగుతాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. పిలవడానికైతే నేనే తగ్గించి చెబుతాను, రాయడానికి మాత్రం ఒక్క అక్షరం కూడా వదలను.

మా అమ్మకి ఇప్పుడు ఎనభై దాటింది, నా దగ్గరే ఉంటోంది. అత్తగారు పోయి నలభై ఏళ్ళవుతున్నా ఆ పేరు ఇప్పటికీ పలకదు. మొన్న బ్యాంకులో నామినీగా నా పేరు చెప్పమంటే "మా అమ్మాయి సత్య" అంది. పూర్తి పేరు చెప్పండమ్మా అన్నాడా అబ్బాయి. అమ్మ నా ఆధార్ కార్డు అతని ముందుకు జరిపి, చివరి మాట మీద వేలు పెట్టి, "నువ్వే చదువుకో నాయనా, రెండు ఎమ్‌లు" అంది.